మూడు వేళ్ళ సందు

మా చెల్లెలి మొగుణ్ణి పనిలోంచి తీసేస్తానని నలుగురి ముందూ అన్నది నేనే. కోపంలో నోరు జారిందని ఇప్పుడు సర్దుకోవడానికి లేదు. నోరు జారలేదు. రెండు రోజులు ఆలోచించి, ఎక్కడ అనాలో, ఎలా అనాలో చూసుకుని మరీ అన్నాను.

మాది వడ్రంగం. నాన్న మొదలుపెట్టాడు, నేను అందుకున్నాను, చెల్లిని చేసుకున్నాక మరిది వచ్చి చేరాడు. వాలు కప్పుల కింద గదులు తయారుచేయడం మా పని. పెంకుల కింద ఊరికే పడి ఉండే అటకలో మనిషి ఉండాలంటే, చలికి బిగుసుకుపోకుండా, ఎండకి ఉడికిపోకుండా వాసాల మధ్య రాతి ఉన్ని, అంటే రాయిని కరిగించి దూదిలా తీసిన ఉన్ని, పలకలుగా కూరాలి. కూరడం ఎవడైనా కూరతాడు. కూరకుండా వదలాల్సిన జాగా వదలడంలోనే ఉంది పనంతా.

పెంకుల కింద తారు షీటు ఉంటుంది. ఆ షీటుకీ ఉన్నికీ మధ్య రెండంగుళాల గాలి సందు ఉండాలి. కింద చూరు దగ్గర మొదలై పైన కొప్పు దాకా ఎక్కడా తెగకూడదు. చూరు చీలికల్లోంచి గాలి లోపలికొస్తుంది, కొప్పు దగ్గర బయటికి పోతుంది. గదివైపు ప్లాస్టిక్ షీటు వేసి అంచులు ఎంత అతికించినా, మనుషుల ఊపిరి, తడి బట్టల ఆవిరి కొంచెం కొంచెం పైకి చేరుతూనే ఉంటుంది. గాలి ఆడితే దాన్ని మోసుకుపోతుంది. ఆడకపోతే ఆ ఆవిరి చల్లటి తారు షీటుకి తగిలి నీళ్ళయి, ఉన్నిలోకి దిగి, వాసాన్ని పుచ్చబెడుతుంది. పై నుంచి వాన పడకపోయినా ఇల్లు కారుతుంది. ఇంటివాళ్ళు పెంకులు పగిలాయనుకుని పెంకులు మార్పిస్తారు. నీళ్ళు మాత్రం మళ్ళీ కారతాయి.

ఈ సందుకి నాన్న దగ్గర ఒకటే లెక్క. మూడు వేళ్ళు. తారు షీటుకి ఆనించి వాసం పక్కన మూడు వేళ్ళు అడ్డంగా పెట్టు, వేళ్ళ కింద మేకు కొట్టు. ఇటు వాసానికో మేకు, అటు వాసానికో మేకు, మధ్యలో పురికొస అడ్డంగా లాగి కట్టు. ఉన్ని పలక ఆ పురికొస దాకా వెళ్ళి ఆగుతుంది, పైకి పోదు. ముప్పై ఏళ్ళు ఆయన టేపు తీయకుండా ఇలాగే కొట్టాడు, ఏ ఇల్లూ కారలేదు. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు నా చెయ్యి పట్టుకుని మూడు వేళ్ళూ వాసానికి ఆనించి నేర్పాడు. ఆ రోజు నాకు ఎంత గొప్పగా అనిపించిందో చెప్పలేను. కొలబద్ద లేకుండా పని చేసేవాడే పనివాడని అప్పటినుంచి నా నమ్మకం.

మా మరిది జేబులో ఒక చెక్కముక్క ఉంటుంది. సరిగ్గా రెండంగుళాల మందం. ప్రతి మేకు దగ్గరా అది తీస్తాడు, పెడతాడు, ఒక కన్ను మూసి చూస్తాడు, మళ్ళీ పెడతాడు. నేను రెండు గళ్ళు పూర్తిచేసేసరికి ఆయనగారికి ఒక్కటి అయితే గొప్ప. రెండు వాసాల మధ్య జాగాని మేము గడి అంటాం. అతనికి చెక్కముక్క అని పేరు పెట్టింది నేనే. నాన్న నవ్వేవాడు. ఆ పేరు చివరికి పెంకుల కొట్టువాడిదాకా పాకింది. అతను ఏమీ అనేవాడు కాదు. నోరు లేని మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తిడితే తిట్టాలి, కొడితే అరవాలి. ఇది మాత్రం గోడకి చెప్పినట్టే.

దర్జీ ఆవిడ ఫోను చేసింది చలికాలం ఆఖర్లో. అంతకుముందు ఏడాది ఆవిడ ఇంటి అటకని కుట్టుగదిగా మార్చింది మేమే. రెండు మిషన్లు, పొడుగాటి కత్తిరింపు బల్ల, ఆవిరి ఇస్త్రీ పెట్టె, కప్పు వాలులో కిటికీ లేని పక్కన పద్నాలుగు గళ్ళు. ఆవిడ హలో అని కూడా అనలేదు. కుట్టడం పూర్తయిన తెల్ల గౌను మీద టీరంగు చుక్క పడిందట. మర్నాటికి ఇంకోటి. తలెత్తి చూస్తే కప్పు కింద మేము కొట్టిన జిప్సం బోర్డు మీద నాలుగు చోట్ల మరకలు, వాటి చుట్టూ నల్లటి బూజు. పది రోజులనుంచి చినుకు లేదు. "మీ పని చూసి నలుగురికి చెప్పాను తల్లీ, ఇప్పుడూ నలుగురికి చెప్తాను," అని ఫోను పెట్టేసింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మొదట ఆవిడ మీదే ఎక్కింది, అబద్ధమెందుకు. చల్లగాలి వస్తోందని చూరు చీలికల్లో పాతగుడ్డలు కుక్కి ఉంటుంది, ఇలాంటివి ఎన్ని చూడలేదు అనుకుంటూ వెళ్ళి బయట నిచ్చెన వేసి చూశాను. చూరు పొడుగునా చీలిక శుభ్రంగా ఉంది, పురుగులు దూరకుండా మేము కొట్టిన జల్లెడ అలాగే ఉంది. కొప్పు దగ్గర దారీ తెరిచే ఉంది. పెంకు ఒక్కటీ కదల్లేదు. అంటే తప్పు లోపలే ఉంది. లోపల చేసింది మేమే.

నాన్నవి రెండు గళ్ళు, మోకాళ్ళు పోయినా దారి చూపిస్తానని ఎక్కి చేసినవి. మిగతా పన్నెండూ నావీ, మరిదివీ చెరిసగం. ఎవరు ఖాళీ అయితే వాళ్ళు పక్క గడి అందుకుంటూ పోయాం కాబట్టి ఏది ఎవరిదో ఎవరికీ గుర్తులేదు. ఆ పనిలో చివరి రెండు రోజులు నాకు జ్వరం. అతనొక్కడే చేశాడు. నాకు ఇంకేం కావాలి? ఆలస్యమైపోతోందని మేకులు ఎగ్గొట్టి ఉన్ని కుక్కేసి మూసేశాడని తీర్మానించేశాను. నెమ్మదిగా చేసేవాడు ఎవరూ లేనప్పుడే పరిగెడతాడని కూడా చెల్లితో అన్నాను.

చెల్లి ఊరుకుంటుందా? మీ ఇద్దరూ ఆయన్ని ఏడేళ్ళనుంచి పురుగులా చూస్తున్నారు, ఆయన పని మానేస్తే నీ కప్పులు నువ్వే మోసుకో అంది. అతనికి మా దగ్గర పని తప్ప వేరే దారి లేదని ఇద్దరికీ తెలుసు. ఈ చుట్టుపక్కల కప్పుల పని చేసేవాళ్ళందరూ నాన్న చేతికింద నేర్చుకున్నవాళ్ళే. మేము తీసేసిన మనిషిని ఇంకొకడు పెట్టుకోడు. ఆయన్ని బయటికి పంపిన రోజున నా గుమ్మం తొక్కకు అక్కా అని చెప్పి వెళ్ళిపోయింది. నేను తగ్గుతానా? పని పనే, చుట్టరికం చుట్టరికమే అన్నాను. పెద్ద ధర్మరాజులాగా.

మా పనిలో ఒక పద్ధతుంది. ఏ గడి ఎవరు నింపితే వాళ్ళు బోర్డు మూయకముందు వాసం పక్కన, ఉన్ని వెనక దాగే చోట, పెన్సిలుతో గుర్తు పెడతారు. నాన్నది సున్నా. నాది రెండు నిలువు గీతలు. మరిదిది ముక్కోణం. ఎన్నేళ్ళకి విప్పినా ఎవరి చెయ్యో తెలియాలని నాన్న పెట్టిన పద్ధతి ఇది. కప్పు విప్పే రోజు దర్జీ ఆవిడ, నాన్న, మరిది, నేను, అందరం ఆ గదిలో ఉన్నాం. మిషన్ల మీద దుప్పట్లు కప్పి, బల్ల పక్కకి లాగాం. అప్పుడన్నాను ఆ మాట. కింద పడ్డ స్క్రూ తీస్తున్న మరిదిని చూస్తూనే అన్నాను.

"తడిసిన గళ్ళలో ఎవరి గుర్తుంటే వాళ్ళు ఇక నా దగ్గర పనిముట్టు పట్టరు. ఎవరైనా సరే."

దర్జీ ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. మరిది స్క్రూ జేబులో వేసుకుని, సరే వదినా అన్నాడు. అంతే. ఆ సరే వినగానే నాకు ఇంకా మండింది.

ముందు మరక లేని గడి ఒకటి విప్పాం, పోల్చుకోవడానికి. బోర్డు దించి, ప్లాస్టిక్ షీటు కోసి, ఉన్ని లాగాను. పొడిగా, తేలిగ్గా వచ్చింది. వాసం కొత్త చెక్కలా ఉంది. దర్జీ ఆవిడని పల్చటి కాగితం అడిగితే, బట్టల నమూనాలు గీసుకునే కాగితం సన్నగా చించి ఇచ్చింది. పక్క గడిలో ఉన్ని తీయకుండా, చూరు వైపు చివర సందులోకి ఆ కాగితం పట్టుకుంటే రెపరెపలాడింది. గాలి ఆడుతోంది. విప్పిన గడి వాసం మీద ముక్కోణం. ఒక్క మెతుకు పట్టుకుని అన్నమంతా ఉడికిందంటామా, ఇదొక్కటి బాగా చేసి ఉంటాడులే అనుకున్నాను. ఆపైన విప్పినది నాన్నది, సున్నా. అదీ పొడే.

తర్వాత మొదటి మరక. బోర్డు చేతిలో పిండిలా విరిగింది. షీటు కోయగానే చల్లటి నీళ్ళు నా మోచేతి దాకా కారాయి. ఉన్ని పలక తడిసిన పరుపంత బరువుంది. పైవైపు అంతా తారు షీటు నలుపు అంటుకుని ఉంది. అంటే ఉన్ని షీటుకి ఆనుకునే ఉందన్నమాట. షీటు కిందివైపు నీటి బొట్లు వరసగా వేలాడుతున్నాయి. కాగితం పట్టుకుంటే కదల్లేదు, తడిసి షీటుకి అతుక్కుంది.

"చూశావా?" అన్నాను మరిదితో. "గాలి పోవడానికి చీమంత దారైనా వదిలావా?"

అతను పలకని నా చేతుల్లోంచి అందుకుని బకెట్టు మీద పెట్టాడు.

గుర్తు చూడాలి. నేను దిగి చేతుల తడి తుడుచుకుని తలెత్తేలోపు, నాన్న నిచ్చెనెక్కేశాడు. ఆ మోకాళ్ళతో రెండు మెట్లు ఎక్కడమే గగనం, నాలుగు మెట్లు ఎక్కి లోపలికి తల పెట్టాడు. లైటు ఆయన చేతిలోనే ఉంది. కాసేపు కదల్లేదు. దిగు నాన్నా, పడతావు అంటున్నాను. ఆయన కుడిచేతి బొటనవేలు వాసం మీద పెట్టి గట్టిగా రుద్దడం కనబడింది. తడి చెక్క మీద పెన్సిలు ఎంతసేపు ఆగుతుంది?

"గుర్తు కనబడ్డంలేదమ్మాయ్," అన్నాడు. "తడికి పోయినట్టుంది."

ఆయన గొంతు నాకు తెలుసు. చిన్నప్పుడు నేను పగలగొట్టిన గాజు గిన్నె పిల్లి పగలగొట్టిందని అమ్మకి చెప్పినప్పటి గొంతు అది. మరిది కూడా చూశాడు ఆ బొటనవేలు. తల పక్కకి తిప్పుకున్నాడు. ఏడేళ్ళుగా అలా తిప్పుకోవడమే అతని పని. నేను గమ్మునుంటే చాలు, ఆ గడి ఎవరిదో తెలియని గడి అయిపోతుంది, ఎవరిదో తెలియనిదంటే మా ఇంట్లో అది చెక్కముక్కదే. దర్జీ ఆవిడ అప్పటికే అతని వైపు అదోలా చూస్తోంది.

ఒక్క క్షణం నేను గమ్మునే ఉన్నాను. అది ఎంత హాయిగా అనిపించిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. ఆ హాయి చూసే నాకు కోపం తన్నుకొచ్చింది.

"చెయ్యి తియ్యి నాన్నా."

"ఏమే..."

"చెయ్యి తీసి దిగు. ఆ రుద్దింది ఏంటో నాకు తెలుసు."

ఆయన దిగాడు. నేనెక్కాను. రెండు గీతల్లో ఒకటి చెరిగింది, ఒకటి అలాగే ఉంది. మరిది ముక్కోణంలో నిలువు గీతే లేదు, నాన్న సున్నాలో అసలు గీతే లేదు. ఇక మిగతా మూడు మరకలూ నేనే పీకాను. ఎవర్నీ చెయ్యి వేయనివ్వలేదు. బోర్డు, షీటు, ఉన్ని, వరసగా కింద పడేశాను. రెండు గీతలు. రెండు గీతలు. రెండు గీతలు. మరక ఇంకా పైకి తేలని నా మిగతా రెండు గళ్ళూ కూడా విప్పాను. అవీ చెమ్మే. మరిదివి విప్పినవన్నీ పొడి.

కానీ మేకులున్నాయి! పురికొస ఉంది! నేను ఎగ్గొట్టలేదు, ప్రతి మేకూ నా చేత్తో కొట్టిందే. నాన్న గడిలో ఎలా ఉందో నా గడిలోనూ అలాగే. మరి ఇదెలా అని నిచ్చెన మీదే నిలబడి అరిచాను. ఎవరి మీద అరిచానో నాకే తెలియదు.

మరిది అప్పుడు చెక్కముక్క తీశాడు. నిచ్చెనకి అటువైపు స్టూలు వేసుకుని ఎక్కి, నా మేకుకీ తారు షీటుకీ మధ్య దాన్ని దూర్చబోయాడు. దూరలేదు. పెన్సిలు మందమంత తక్కువ. అదే ముక్క నాన్న మేకు దగ్గర పెడితే ఒరుసుకుంటూ దూరింది.

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నాన్నని చెయ్యి చాపమన్నాను. ఆయన చాపలేదు. నేనే దిగి, ఆయన కుడిచెయ్యి పట్టి కత్తిరింపు బల్ల మీద పెట్టి, పక్కన నాది పెట్టాను. ఆయన మూడు వేళ్ళు సుత్తిపిడుల్లా లావు. నావి అమ్మ వేళ్ళు. దర్జీ ఆవిడ మెడలో ఎప్పుడూ వేలాడే టేపు తీసి, అడక్కుండానే రెండు చేతుల మీదా పెట్టింది. ఆయనవి రెండంగుళాలు. నావి ఒకటిన్నర దాటాయంతే.

పదిహేనేళ్ళ నుంచి నేను ఆ వేళ్ళతోనే కొడుతున్నాను.

తేడా అర అంగుళం కూడా లేదు కదా అని దర్జీ ఆవిడ అంది. మరిది చెప్పాడు అప్పుడు, తొట్రుపడుతూ. అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. పాత తారు షీటు వాసాల మీద బిగువుగా ఉండదు, రెండు వాసాల మధ్య ఉయ్యాలలా కిందకి దిగుతుంది. ఉన్నేమో పురికొసల మధ్య పైకి పొంగుతుంది. వాసం పక్కన మూడు వేళ్ళు పెడితే సరిపోయినట్టే ఉంటుంది గానీ నడిమధ్యలో ఆ రెండూ దగ్గరికొచ్చేస్తాయి. అందుకే తను చెక్కముక్క వాసం పక్కన కాదు, షీటు బాగా దిగిన చోట పట్టుకుని, అక్కణ్ణుంచి గీత లాగి మేకు కొడతాడు. నాన్న గళ్ళలో రెండంగుళాలుంది కాబట్టి మధ్యలో ఎంతో కొంత గాలి ఆడింది. నా గళ్ళలో ఆడలేదు. ఇతర ఇళ్ళలో ఇంత ఆవిరి పుట్టదు. ఇక్కడ రోజంతా ఆవిరి ఇస్త్రీ.

వైర్లకని కింద, ఉన్నికీ బోర్డుకీ మధ్య, అంగుళం ఖాళీ వదులుతాం. అతని గళ్ళలో అది అర అంగుళమే మిగిలిందని, వైరు లాగడానికి చోటు లేకుండా చేశావని ఈ కప్పు మూసే ముందు అతన్ని పదిమందిలో కడిగేశాను. నా గళ్ళలో అంగుళమున్నర మిగిలితే, చూడండి ఎంత చక్కగా సరిపోయిందో అన్నాను. ఆ ఎక్కువైన అర అంగుళం ఎక్కణ్ణుంచి వచ్చిందని ఒక్కసారి ఆలోచించానా?

"మరి చెప్పలేదేం?" అన్నాను. ఇంకా అరుస్తూనే ఉన్నాను, సిగ్గులేకుండా.

"చెప్పాను వదినా. మొదటి ఏడాదే చెప్పాను. మీరూ మామయ్యా నవ్వారు. ఆ రోజే పేరు పెట్టారు నాకు."

నాన్న తన చెయ్యి బల్ల మీంచి తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆయన మీద నాకు ఎంత కోపం వచ్చిందో! పద్దెనిమిదేళ్ళ పిల్ల వేళ్ళు చేతిలో పట్టుకుని, ఇవి నా వేళ్ళు కావని తెలియలేదా నీకు? తెలియకపోతే పోనీ. ఇందాక ఆ బొటనవేలెందుకు ఆడింది? కూతురి గుర్తు చెరిపి అల్లుడి నెత్తిన పెడదామనేగా? ఇవన్నీ అనలేదు. అనాల్సిన మనిషి నేనేనా అని ఆగిపోయాను. ఆ క్షణం గమ్మునున్నది నేను కూడాను.

మరిది స్టూలు దిగి నా ముందుకొచ్చాడు. అరచెయ్యి చాపాడు.

"సుత్తి ఇవ్వండి వదినా."

అతను నవ్వుతాడేమో, ఊరుకోండి వదినా అంటాడేమో అని ఒక్క వెర్రి ఆశ. అనలేదు. నేను అన్నమాటే నన్ను అడుగుతున్నాడు. నడుముకున్న సుత్తి తీసి అతని చేతిలో పెట్టాను. ఉలి ఇచ్చాను. పెన్సిలు కూడా ఇచ్చాను. అన్నీ తన సంచిలో వేసుకున్నాడు. తర్వాత చెక్కముక్క నా చేతిలో పెట్టాడు.

పది రోజులు కప్పు తెరిచి ఉంచి, ఫ్యాను పెట్టి వాసాలు ఆరబెట్టాం. స్క్రూడ్రైవరు గుచ్చి చూస్తే చెక్క లోపల గట్టిగానే ఉంది, మేము కాస్త ముందే వచ్చాం. బూజు బ్రష్షుతో దులిపాం. ఇస్త్రీ చేసినంతసేపూ కిటికీ తీసి ఉంచమని దర్జీ ఆవిడకి చెప్పాం. తర్వాత కొత్త మేకులు, కొత్త పురికొస, కొత్త ఉన్ని. మేకులన్నీ అతనే కొట్టాడు. నేను స్టూలు మీద నిలబడి, షీటు బాగా దిగిన చోట చెక్కముక్క పట్టుకున్నాను. మేకు మేకుకీ అతను ఉందా అని అడిగాడు, ఉంది అని నేను చెప్పాను. ఆరు గళ్ళకి ఎన్ని మేకులో లెక్కపెట్టుకోండి. చివర్లో నా ఆరు గళ్ళ వాసాల మీద నేనిచ్చిన పెన్సిలుతోనే ముక్కోణాలు గీశాడు. నా గీతల పక్కనే గీశాడు, నావి చెరపలేదు.

దర్జీ ఆవిడ ఇంటికంటే ముందు మేము కప్పు పని చేసిన ఇళ్ళున్నాయి. పదిహేనేళ్ళ ఇళ్ళు. ఆ ఇళ్ళ జాబితా నేనే రాశాను. వారానికో ఇల్లు వెళ్ళి, తలుపు కొట్టి, మీ కప్పు ఒకసారి విప్పి చూడాలండీ, తప్పు నాదేనండీ అని నేనే చెబుతున్నాను. విప్పేది అతను. ఇప్పటికి పదకొండు ఇళ్ళయ్యాయి. నాలుగింటిలో చెమ్మ దొరికింది, రెండు గీతలు దొరికాయి.

చెల్లి గుమ్మం ఇంకా తొక్కలేదు. నాన్న ఇంట్లో కూర్చుని, అల్లుడు మరీ పట్టుదల మనిషయ్యా అంటున్నాడట అందరితో. నా కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. ఎవరి మీదో మాత్రం ఇప్పుడు తెలుసు. సుత్తి ఇంకా మరిది సంచిలోనే ఉంది. నేను అడగను. అతను ఇవ్వడు.